సైకిల్ ఒకటే ఉండేది

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా కందుకూరులో ‘యువత – కెరీర్ ఎంపిక’ అనే అంశం మీద చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇప్పటికే ముగ్గురు చదివారు, నాలుగోసారి నేను చదవను, ఎవరూ ఏమీ అనుకోవద్దు. గ్రంథపాలకుడికి మాత్రం విడిగా నమస్కారం చెప్పాలి. నవంబరు నెలలో, పొగాకు నాట్ల టైములో, మధ్యాహ్నం మూడింటికి ఇంతమందిని కుర్చీల్లో కూర్చోబెట్టడం మాటలు కాదు. వెనక నిలబడ్డ పిల్లలు ముందుకు రండమ్మా, ఇక్కడ చాప ఉంది. మా అక్క కూడా వచ్చింది, రెండో వరుసలో ఆ చివర కూర్చుంది. ఆమెని ఎందుకు తీసుకొచ్చానో తర్వాత చెప్తా. ఆమెకి అయిదూ ఇరవైకి బస్సు, కాబట్టి నేను ఎంత సాగదీసినా అయిదింటికి ఆపేస్తాను, భయపడకండి.

నేను రాసుకొచ్చింది వేరే. కోర్సులు, ఎంట్రన్సులు, ఏ గ్రూపు తీసుకుంటే ఏమొస్తుంది, అదంతా కాగితం మీద ఉంది. కానీ నాకన్నా ముందు మాట్లాడిన అబ్బాయి బాగా మాట్లాడాడు, చప్పట్లు కూడా బాగా పడ్డాయి, అందుకే నాకు ఇబ్బందొచ్చిపడింది. “నీ బండికి నువ్వే డ్రైవర్, పేదరికం ఒక సాకు” అన్నాడు. ఉదాహరణకి మన టంగుటూరి ప్రకాశం పంతులుగారిని తెచ్చాడు. పూటకూళ్ల ఇంట్లో పెరిగిన కుర్రాడు బారిస్టరై ముఖ్యమంత్రి కాలేదా, మరి నీకేమొచ్చింది, అన్నాడు.

నాయనా, పంతులుగారి కథ సగం చెప్పావు. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మగారు ఒంగోల్లో పూటకూళ్ల ఇల్లు నడిపిన మాట నిజం. ఆ కుర్రాడు మొండివాడు, ధైర్యస్తుడు, అదీ నిజమే. మరి ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే మాస్టారి సంగతేంటి? ఆయన రాజమండ్రి వెళ్తూ ఈ పిల్లవాణ్ణి తనతో తీసుకెళ్లి చదివించాడు. ఆ మాస్టారు లేకపోతే కూడా పంతులుగారు అంతవాడయ్యేవాడా? ఏమో, నేను చెప్పలేను. ఇంకొకటుంది. సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఎంత బాగా వాదించినా పైకోర్టులో నిలబడే హక్కు లేదన్నది అప్పటి రూలు. ఆ రూలు వల్లే ఆయన 1904లో ఇంగ్లండు వెళ్లి బారిస్టరు చదివాడు. ఆయన పట్టుదల ఆ రూలుని మార్చలేదు, దాని పక్కనుంచి దారి వెతుక్కుంది. అదే రాజమండ్రిలో అంతే తెలివున్న ఆడపిల్లకి ఆ దారి కూడా ఉండేది కాదు.

ఇక రెండో రకం మాట. ఇది వేదికల మీద వినపడదు, బస్టాండు దగ్గర టీ కొట్టులో వినపడుతుంది. “అంతా ముందే రాసిపెట్టుంది సార్, డబ్బున్నోడికే చదువు, మనదేముంది” అని. ఇదీ చప్పట్లు పడే మాటే, కాకపోతే టీ గ్లాసులతో.

సమాజశాస్త్రంలో ఈ రెండు మాటల మధ్య నూట పాతికేళ్లుగా పంచాయితీ నడుస్తోంది. స్ట్రక్చర్ వర్సెస్ ఏజెన్సీ అంటారు. ఏజెన్సీ అనగానే గ్యాస్ ఏజెన్సీ గుర్తొస్తుంది మనకి, అందుకే నేను కర్తృత్వం అంటాను. అంటే మనిషి తనే కర్తగా ఒక పని చెయ్యగలగడం, అలాగే వేరేలా కూడా చెయ్యగలిగి ఉండటం. స్ట్రక్చర్ని నిర్మాణం అందాం. కులం, ఆస్తి, ఆడా మగా తేడా, చట్టం, మార్కెట్టు, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది, ఇవన్నీ కలిసి మన చుట్టూ అల్లుకున్న అమరిక. 1895లో ఎమీల్ డర్కైమ్ అనే ఫ్రెంచాయన, సమాజం మనిషికి బయట ఉండి వాణ్ణి నెట్టుతుంది, గోడకి తలబాదుకుంటే గోడ ఎంత నిజమో అదీ అంతే నిజం అన్న ధోరణిలో రాశాడు. జర్మనీలో మాక్స్ వెబర్, మనిషి తన పనికి తను ఏ అర్థం ఇచ్చుకుంటున్నాడో తెలుసుకోకుండా ఏదీ తేలదన్నాడు. అక్కణ్ణుంచి రెండు జట్లయ్యాయి.

జట్ల చరిత్ర చెప్పను. మా ఇంట్లో జరిగిందొకటి చెప్తాను. ఇంటి సంగతి వీధిలో పెడుతున్నానని అక్క తిట్టుకుంటూ ఉంటుంది, ఫరవాలేదు.

అక్క మనవడు 2015లో పదో తరగతి పాసయ్యాడు, ఊళ్లో జడ్పీ హైస్కూలు నుంచి. అప్పుడు మార్కులు కాదు, గ్రేడ్ పాయింట్లు. 9.3 వచ్చింది. వాడి నాన్న, అంటే మా మేనల్లుడు, ఒక బ్యారన్ పొగాకు రైతు. బ్యారన్ అంటే పచ్చి పొగాకుని వేడిమీద ఆరబెట్టే కొట్టం. ఇక్కడున్న సగం మందికి తెలుసు, మిగతా సగానికి చెప్తా. వర్జీనియా పొగాకు ఎవరు పడితే వాళ్లు పండించి ఎక్కడ పడితే అక్కడ అమ్మేది కాదు. పొగాకు బోర్డు దగ్గర రైతు పేరు, బ్యారన్ రిజిస్టరై ఉండాలి. ఈ ఏడు నీ బ్యారన్‌కి ఇన్ని కిలోలు అని బోర్డు ముందే చెప్తుంది. వేలం కేంద్రంలోనే అమ్మాలి. బ్యారన్‌ని చూసి బ్యాంకు అప్పిస్తుంది, అమ్మినప్పుడు ముందు ఆ అప్పు పట్టుకుని మిగిలింది ఖాతాలో వేస్తారు. లైసెన్సు రైతుని ఇలా కట్టేస్తుంది. మరి అదే లైసెన్సు లేకపోతే అంత అప్పు పుట్టదు, కొనేవాడి ముందుకి వెళ్లే హక్కూ ఉండదు. ఒకే కాగితం కాళ్లకి తాడూ అవుతుంది, చేతికి కర్రా అవుతుంది. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తా.

ఆ ఏడు మార్కెట్టు కూలిపోయింది. 2015 సంగతి మన జిల్లాలో మర్చిపోయినవాళ్లు ఉండరు, ఆ ఏడు ప్రాణాలు తీసుకున్న రైతులున్నారు, ఆ మాట ఇంతకన్నా ఎక్కువ మాట్లాడలేను. మావాడి పంట 3 వేల కిలోలు, 24 బేళ్లు. కిలోకి 120 వస్తుందని వేసుకున్న లెక్క. జూన్ మొదటివారానికి అమ్ముడుపోయింది 11 బేళ్లే. మిగతావి కేంద్రానికి తీసుకెళ్లడం, కొనేవాడు పాడకపోతే నో బిడ్ అని రాయించుకుని మళ్లీ ట్రాక్టరెక్కించి తెచ్చుకోవడం. పోయేటప్పుడు బాడుగ, వచ్చేటప్పుడు బాడుగ.

పిల్లవాడి కాలేజీ సంగతి మాత్రం ఫిబ్రవరి నుంచే మొదలైంది. నెల్లూరులో ఒక పెద్ద కాలేజీ, పేరెందుకు, వాళ్ల పీఆర్వో మోటారు సైకిలేసుకుని ఇంటికొచ్చాడు. ఎంపీసీ, హాస్టలుతో కలిపి ఏడాదికి 75 వేలు, మార్చిలోపు సీటు బుక్ చేసుకుంటే 5 వేలు తగ్గింపు, సగం చేరేటప్పుడే కట్టాలి. మేనల్లుడు తలూపాడు. ఊళ్లో కూడా అందరికీ చెప్పుకున్నాడు.

ఇప్పుడు ఆ జూన్ సాయంత్రం చూడండి. నేను వాళ్లింటికి వెళ్లాను. మేనల్లుడు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడో లేదో తెలీదు. పిల్లవాడు బ్యారన్ అరుగు మీద కూర్చుని పాత ఫ్యాను మోటారు విప్పుతున్నాడు. అక్క వంటింటి గడపలో చింతపండు పిక్కలు తీస్తోంది. తియ్యడం ఆపకుండా, తలెత్తకుండా అంది: “నూట ఇరవై అనుకుంటే తొంభై నాలుగు పడతన్నాయి అబ్బయ్యా. ఇరవయ్యారు మూళ్లు డెబ్బై ఎనిమిది. డెబ్బై ఎనిమిది వేలు పోయినాయి. నెల్లూరోళ్లు అడిగింది డెబ్బై అయిదు.”

కాగితం లేదు, పెన్సిల్ లేదు, కాలిక్యులేటర్ లేదు. ఆ లెక్క నేను స్కూటరు మీద వస్తూ మనసులో రెండుసార్లు వేసి రెండుసార్లూ తప్పాను. నేను ఎమ్మే. అక్క ఏడో తరగతి.

పిల్లవాణ్ణి అడిగాను, ఏంరా ఏం చేద్దాం అని. తల ఎత్తకుండానే, “నెల్లూరు నాకిష్టం లేదు చిన్నతాతా. పాలిటెక్నిక్‌లో చేరతా, మెకానికల్. ఆ హాస్టల్లో పొద్దున అయిదు నుంచి రాత్రి పదకొండు దాకా చదివిస్తారంట, నావల్ల కాదు” అన్నాడు. పాలిసెట్ రాసి ఉన్నాడు, ర్యాంకొచ్చింది, ఒంగోలు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో సీటొచ్చింది, మూడేళ్ల డిప్లొమా, చేరాడు.

ఇదీ కేసు. ఇప్పుడు చెప్పండి, ఎవరు నిర్ణయించారు? పిల్లవాడా, కిలోకి తగ్గిన 26 రూపాయలా?

ముందు మాట్లాడిన అబ్బాయైతే, చూశారా, తనకేం కావాలో తెలిసిన కుర్రాడు, ధైర్యంగా తీసుకున్న నిర్ణయం అంటాడు. టీ కొట్టాయన, పొగాకు ధర నిర్ణయించింది, వీడు సంతకం పెట్టాడంతే అంటాడు. నాకు రెండూ సరిపోలేదు. ఎందుకు సరిపోలేదో తెలుసుకోడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది, అందులో నా తప్పు ఒకటి బయటపడింది, ఇవాళ నేను మాట్లాడ్డానికి ఒప్పుకున్నది కూడా దానికోసమే.

ఆ ఏడాది వాడి ముందు మూడో దారి ఒకటుంది. 2008లో ట్రిపుల్ ఐటీలు పెట్టారు కదా, ఆర్జీయూకేటీ. పదో తరగతి మార్కుల మీద తీసుకుని ఆరేళ్లు, అంటే ఇంటరూ బీటెక్కూ కలిపి చదివిస్తారు. అందులో అప్పట్లో ఒక నిబంధన ఉండేది. ప్రభుత్వ బడిలో, హాస్టలు వసతి లేని బడిలో చదివిన పిల్లలకి సీటు లెక్కేటప్పుడు అదనంగా 0.4 పాయింట్లు కలిపేవారు. పల్లెటూరి బళ్లో చదివినవాడు ఎంత వెనక నుంచి పరుగు మొదలుపెట్టాడో ఆ దూరానికి పెట్టిన లెక్క అది. నిర్మాణం అంటే అడ్డంకే అనుకునేవాళ్లకి ఈ 0.4 చూపించండి. ఇదీ నిర్మాణమే, ఎవరో కూర్చుని కట్టింది. వాడి 9.3 ఆ లెక్కన 9.7 అవుతుంది. సీటు వచ్చేదా రాదా నేను చెప్పలేను, పోటీ గట్టిగానే ఉండేది. కానీ వాడు దరఖాస్తే పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే వాడికి తెలీదు. ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

నాకు తెలుసు.

ఆ నోటిఫికేషన్ పడ్డ పేపరు ఈ గదిలోనే, అదిగో ఆ కిటికీ పక్క బల్ల మీద చదివాను. చదివి ఇంటికెళ్లి మా కాలేజీలో నాతో పనిచేసే ఒకాయన కొడుకుకి ఫోన్ చేసి చెప్పాను. దగ్గరుండి వాడి దరఖాస్తు నింపించాను. వాడు చదివింది ప్రైవేటు స్కూల్లో, వాడికి ఆ 0.4 వర్తించదు కూడా. నా సొంత అక్క మనవడు, జడ్పీ స్కూలు పిల్లవాడు, వాడు నాకు గుర్తు రాలేదు. కోపం కాదు, పగ కాదు, మర్చిపోవడం కూడా కాదు. నెల్లూరులో చేరుస్తామన్నారు కదా, వాళ్లు చూసుకుంటారులే అనుకున్నాను. పక్క టేబుల్లో కూర్చునేవాడి పిల్లల చదువు గురించి రోజూ మాట్లాడుకుంటాం, పల్లెలో ఉన్న అక్కతో వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడతాం. అలా అలవాటు.

హాడ్కిన్సన్, స్పార్క్స్ అని ఇంగ్లండులో ఇద్దరు పరిశోధకులు బడి చదువు ముగించి శిక్షణలో చేరిన కుర్రవాళ్ల వెంట తిరిగి, వాళ్లు ఆ పని ఎలా ఎంచుకున్నారో చూసి 1997లో ఒక వ్యాసం రాశారు. వాళ్లు చెప్పేది ఏంటంటే, కుర్రవాడు అన్ని దారులూ పరిచి, తూకం వేసి, ఒకటి తీసుకోడు. తన కళ్లకి ఆనే మేరలో ఉన్నవాటిలోంచే తీసుకుంటాడు. ఆ మేరకి వాళ్లు పెట్టిన పేరు, క్రియకి ఉన్న దిగంతం. చెట్టెక్కితే దిగంతం జరుగుతుంది, కింద కూర్చుంటే దగ్గరకొస్తుంది. అందులో ఏముందో వాడికి ఎవరు చెప్తారు? బ్రోచర్లు కాదు, తెలిసినవాళ్లు. మామయ్య, పక్కింటి అక్క, అన్న ఫ్రెండు. అంటే మావాడి విషయంలో చెట్టుని నేను. ఎక్కించుకోలేదు.

దీన్ని పట్టుకునే గిడెన్స్ దగ్గరికి వెళ్లాను. ఆంథొనీ గిడెన్స్ 1984లో ఈ పంచాయితీకి ఒక తీర్పు లాంటిది రాశాడు. నిర్మాణం ఒకచోట, మనిషి ఇంకోచోట లేరు అంటాడు. నిర్మాణం అంటే నియమాలు, వనరులు. మనుషులు రోజువారీ పనుల్లో వాటిని వాడుతూ ఉంటారు, వాడటం వల్లే అవి మర్నాటికి మిగులుతాయి. అందుకే ఇందాక బ్యారన్ కాగితం గుర్తుపెట్టుకోమన్నా. కట్టేసేదీ అదే, చెయ్యనిచ్చేదీ అదే. ఇంకోమాట, జనం ఇదంతా కుట్రపన్ని చెయ్యరు. అలవాటుగా చేసే పనుల్లోంచి, అనుకోని ఫలితంగా, అసమానత మళ్లీ మళ్లీ పుడుతుంది. నేను ఆ ఫోన్ ఒకరికి చేసి ఇంకొకరికి చెయ్యకపోవడం సరిగ్గా అదే. అప్పటిదాకా నిర్మాణం అంటే ప్రభుత్వం, మార్కెట్టు, కార్పొరేట్ కాలేజీ అనుకునేవాణ్ణి. క్లాసులో అలాగే చెప్పాను, ఇరవై తొమ్మిదేళ్లు. మావాడి విషయంలో నిర్మాణం లాంబ్రెట్టా వేసుకుని తిరుగుతున్న నేను కూడా అని అప్పుడు తెలిసింది.

కానీ గిడెన్స్ దగ్గర ఆగితే మోసపోతాం. మార్గరెట్ ఆర్చర్ అనే ఆవిడ ఆయన్ని గట్టిగా పట్టుకుంది. నువ్వు రెండింటినీ అంటుకట్టేశావు, ఇక విడదీసి చూడ్డం కుదరదు, ఏది ముందు ఏది వెనక అన్నది పోయింది అంది. 1995లో రాసిన పుస్తకంలో ఆవిడ వాదన కాలం మీద నిలబడుతుంది. ముందు నిర్మాణం ఉంటుంది, ఇవాళ్టి మనుషులు కట్టింది కాదు అది. తర్వాత మనుషులు అందులో పనిచేస్తారు. ఆ తర్వాత అది మారుతుంది, లేదా అలాగే ఉంటుంది. మావాడు పుట్టకముందే బ్యారన్ ఉంది, అప్పు ఉంది, వేలం ఉంది. జూన్ సాయంత్రం వాడు ఎంత గట్టిగా అనుకున్నా కిలోకి 26 రూపాయలు పెరగవు. ఇది నాకు నచ్చింది, ఎందుకంటే రైతు ఇంట్లో పుట్టినవాడికి ఇది చెప్పక్కర్లేదు.

ఆర్చర్ ఇంకొకటి కూడా అంటుంది, అది 2003 పుస్తకంలో. నిర్మాణం మనిషి మీద సూటిగా పనిచెయ్యదు, వాడు లోపల తనతో తను మాట్లాడుకునే మాటల గుండా పనిచేస్తుంది అని. ఒకే పేదరికం, ఒకే ఊరు, ఇద్దరు అన్నదమ్ములు, రెండు దారులు ఎందుకవుతాయో దానివల్ల కొంత తెలుస్తుంది. ఆవిడ మనుషులతో కూర్చుని, నువ్వు నీలో నువ్వు ఏం మాట్లాడుకుంటావు అని అడిగింది. అది చదివాక నాకు అనిపించింది, మావాణ్ణి మనం ఎవరం అడగలేదే అని. నెల్లూరు ఇష్టం లేదు అన్నాడు, మేమంతా హమ్మయ్య అనుకుని నమ్మేశాం. నమ్మడం మాకు చవక.

ఇక్కడ అసలు చిక్కు. ఆ ‘ఇష్టం లేదు’ అన్నది నిజమా? మన సామెత ఉంది కదా, అందని ద్రాక్ష పుల్లన. నార్వే ఆయన యాన్ ఎల్‌స్టర్ 1983లో ఆ నక్క కథనే పట్టుకుని ఒక పుస్తకం రాశాడు. అందనిదాన్ని వద్దనుకోవడం మనసు తనకి తెలీకుండా చేసే సర్దుబాటు, అలాంటి కోరికని స్వేచ్ఛగా కోరిన కోరికని ఎలా అంటాం అని. పేదవాడు ఇంతే చాలు అన్నాడు కాబట్టి ఇంతే ఇద్దాం అనడం ఎంత అన్యాయమో ఈ మాటతో తేలుతుంది. మరి ఏది సర్దుబాటు, ఏది నిజమైన ఇష్టం, ఎలా తెలుస్తుంది? ఆయన ఒక పరీక్ష చెప్పాడు. తలుపు మళ్లీ తెరిచి చూడు. ద్రాక్షగుత్తి చేతికందే ఎత్తుకి దిగినప్పుడు నక్క ఇష్టం కూడా వెనక్కి తిరిగితే అది సర్దుబాటే. తిరక్కపోతే, మధ్యలో వాడు ఏదో నేర్చుకుని మారాడేమో అని ఆలోచించాలి.

మావాడికి ఆ తలుపు 2018లో తెరుచుకుంది. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. రాశాడు. మంచి ర్యాంకే. ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుంది, ఇంటి పరిస్థితి కూడా 2015 లాగా లేదు. నేను నా పాపం కడుక్కునే తొందరలో ఉన్నాను కదా, హాస్టలు ఖర్చు నాది అన్నాను. వాడు వద్దన్నాడు. చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఫ్యాక్టరీలో మెయింటెనెన్సులో చేరిపోయాడు, నెలకి 11 వేలు.

నాకు ఒళ్లు మండింది. దానికి ఇంకో కారణం కూడా ఉంది. అదే ఏడాది వాడి చెల్లెలు పది పాసైంది, అదే జడ్పీ స్కూలు. ఈసారి నేను మొదటి రోజే ఫోన్ చేశాను, దరఖాస్తు పెట్టించాను, ఆ అమ్మాయికి ట్రిపుల్ ఐటీలో సీటొచ్చింది. ఒంగోలు క్యాంపస్ అప్పటికి వచ్చి రెండేళ్లు. చెల్లెలికోసం వీడు ఆగిపోతున్నాడని నా అనుమానం. ఫ్యాక్టరీకి వెళ్లాను, క్లాసు పీకుదామని. లోపల గ్యాంగ్‌సా మిషన్ నడుస్తోంది, పెద్ద బండని వరసగా బ్లేళ్లతో కోసేది, నీళ్లు బురద చప్పుడు, ఎదురుగా ఉన్నవాడి మాట వినపడదు. నేను చెవిలో అరుస్తున్నాను. వాడు ఒక్కసారి చెయ్యి ఎత్తి నన్ను ఆపి, తల పక్కకి వంచి విన్నాడు, వెళ్లి మిషన్ ఆపించాడు. ఒక బ్లేడు బిగుతు తగ్గిందంట. నాకు ఆ చప్పుడుకీ ముందు చప్పుడుకీ తేడా ఇప్పటికీ తెలీదు. ఇంకో గంట నడిస్తే పలక వంకర తెగేదని సూపర్‌వైజర్ చెప్పాడు. అరిగిన గ్రానైట్ బురద చేతులతోనే వాడు నాకు టీ ఇప్పించాడు.

ఎల్‌స్టర్ పరీక్ష ప్రకారం చూస్తే వాడు నెగ్గాడు. తలుపు తెరిచినా మనసు తిరగలేదు. కానీ ఆ పరీక్షకి ఒక లోపం ఉంది, మీరు కూడా కనిపెట్టే ఉంటారు. పదిహేనేళ్లప్పుడు మూసిన తలుపు, పద్దెనిమిదేళ్లప్పుడు తెరిచిన తలుపు ఒకటి కాదు. మధ్యలో మూడేళ్లు లేతు మిషన్ల దగ్గర గడిచాయి, చేతులకి ఒక పని వచ్చింది, ఆ పనిలో పేరు వచ్చింది. ఆ ఇష్టం నిజమే, కానీ అది పొగాకు ధర నాటిన మొక్కకి కాసిన కాయ. నిజం కాదని ఎలా అంటాను? పూర్తిగా వాడిదే అని మాత్రం ఎలా అంటాను?

ఆ టీ తాగుతూ వాడికి ఇదంతా చెప్పాను, నక్క కథతో సహా. నువ్వు చెల్లెలికోసం త్యాగం చేస్తున్నావు, తర్వాత జీవితమంతా నాకు చదువు ఇష్టం లేదు అని చెప్పుకుంటావు, అన్నాను. వాడు నవ్వి అన్నాడు: “నా సంగతి సరే చిన్నతాతా. నాయనమ్మని ఎప్పుడన్నా అడిగినావా?”

(కాసేపు నిశ్శబ్దం)

మాది అప్పట్లో నెల్లూరు జిల్లా. 1970లో కదా ప్రకాశం జిల్లా వచ్చింది, ఇది అంతకు రెండేళ్ల ముందు మాట. మా ఊళ్లో ఏడో తరగతి దాకానే బడి. అక్క ఏడు పాసైంది, నేను ఐదులో ఉన్నాను. హైస్కూలు నాలుగు మైళ్లు. ఇంట్లో సైకిల్ ఒకటే ఉండేది, నాన్నది. ఆడపిల్ల సైకిలెక్కి నాలుగు మైళ్లు పోవడమేంటని ఎవరూ నోరు తెరిచి అనలేదు కూడా, అనాల్సిన అవసరం రాలేదు. అక్క బడి ఆగింది. రెండేళ్లకి నా ఏడో తరగతి అయ్యింది, నాన్న సైకిల్ సీటు కిందికి దించి నాకిచ్చాడు. ఆ సైకిల్ మీద పది, తర్వాత కావలిలో చదువు, ఉద్యోగం, పెన్షన్, ఈ శాలువా. కష్టపడి పైకొచ్చానని నా రిటైర్మెంట్ సభలో నేను కూడా అన్నాను, అందరిలాగే. కష్టపడిన మాట నిజం, ఎదురుగాలికి తొక్కింది నేనే. సైకిల్ ఎవరికి రాలేదో ఆ సభలో చెప్పలేదు.

అక్క ఎప్పుడడిగినా ఒకటే మాట, నాకు చదువు అబ్బలేదురా, అని. యాభై ఏళ్లు ఆ మాట నేను నమ్మాను. ఇరవయ్యారు మూళ్లు డెబ్బై ఎనిమిది అని గడపలో కూర్చుని చెప్పిన రోజు కూడా నమ్మాను, చూడండి. మనవడు అడిగేదాకా నాకు తట్టలేదు. చీమకుర్తి నుంచి నేరుగా ఊరికెళ్లి అడిగాను. అక్కా, నీకు చదువుకోవాలని ఉండేదా?

నేను ఏ జవాబు ఊహించుకుని వెళ్లానో మీకు తెలుసు. కళ్లనీళ్లు పెట్టుకుంటుందని, ఉండేదిరా అంటుందని, నేను చేతులు పట్టుకుంటానని. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ కాసేపు ఆలోచించింది. “ఏమోరా, చదువు సంగతి గుర్తులేదు. సైకిల్ తొక్కాలని మాత్రం శానా ఉండేది” అంది.

ఈ జవాబు ఎవరి సిద్ధాంతంలో పెట్టాలో నాకు తెలీలేదు. ద్రాక్ష పుల్లన అన్న నక్కకి కనీసం ద్రాక్ష గుర్తుంది. మా అక్కకి ద్రాక్షే గుర్తులేదు. వద్దనుకోవడం దాకా కూడా రాలేదన్నమాట, ఆ దిగంతంలో హైస్కూలు లేదు, సైకిల్ ఉంది, ఎందుకంటే అది రోజూ చూరు కింద నిలబడి కనిపించేది. ఆర్చర్ వచ్చి నీలో నువ్వు ఏం మాట్లాడుకునేదానివి అని 1968లో అడిగి ఉంటే ఏం చెప్పేదో. ఇప్పుడు అడిగితే మోకాళ్ల నొప్పులంటుంది.

(నవ్వులు)

పిల్లలూ, కెరీర్ కాగితం గ్రంథపాలకుడి దగ్గర పెట్టి వెళ్తాను, అందులో తేదీలూ ఫీజులూ రాసున్నాయి, జెరాక్స్ తీసుకోండి. మీ ఇంట్లో ఎవరైనా నాకు ఫలానాది ఇష్టం లేదు అంటే, అది ఎప్పటి నుంచి ఇష్టం లేదో ఒకసారి అడగండి. ఫీజు చెప్పకముందు నుంచా, చెప్పాకా? మావాణ్ణి నేను ఆ ఒక్క ప్రశ్న జూన్‌లో అడగలేదు. ఫిబ్రవరిలో, పీఆర్వో వచ్చిన రోజు, వాడు నెల్లూరు వెళ్తానని ఎగిరి గంతేశాడని తర్వాత వాళ్లమ్మ చెప్పింది.

ఇంకా చెప్పాల్సింది ఉంది, కానీ అక్క అదిగో చీర కొంగు సర్దుకుంటోంది, అంటే అయిదవుతోందన్నమాట. సభలో లేచి రెండు మాటలు చెప్పమని అడిగా, చెయ్యి ఊపుతోంది, చెప్పదు. సరే. అధ్యక్షులవారూ, వందన సమర్పణ కానివ్వండి. ప్రశ్నలున్నవాళ్లు ఉండండి, పది నిమిషాల్లో వస్తా. అక్కని బండి వెనక ఎక్కించుకుని బస్టాండులో దింపి రావాలి.